తాళాలు, మీటర్లు, ఒక తెల్లకాగితం

2024 నవంబర్ 24, ఆదివారం

పొద్దున ఆరింటికే లారీ వచ్చేసింది. పదకొండున్నరకల్లా ఇల్లు ఖాళీ. రేపు కార్తీక సోమవారం, కొత్తింట్లో పాలు పొంగించాలని అత్తయ్య ముహూర్తం పెట్టేశారు కాబట్టి ఎలాగైనా ఈరోజే తాళాలు అప్పగించాలి. ఓనర్ అంకుల్ సాయంత్రం నాలుగింటికి వస్తానన్నారు. నిజాంపేటలో ఈ ఫ్లాట్లో నాలుగేళ్ళున్నాం. ఆయనతో ఒక్క మాట తేడా రాలేదు. అందుకే చివరి రోజు కూడా తేడా రాకూడదని నా పట్టుదల.

దీనికి ముందున్న ఇంట్లో మాకు ఒకటి జరిగింది. ఇల్లు ఖాళీ చేసి తాళాలు చేతికిచ్చి, "కరెంటు బిల్లు వచ్చాక చూసుకుందాం" అని నోటిమాట అనుకుని వచ్చేశాం. రెండు నెలల తర్వాత బిల్లు 3,400 అని ఆ ఇంటి ఓనర్ నుంచి ఫోను. మేం వెళ్ళిపోయిన రోజు మీటరు ఎంత చూపిస్తోందో మా దగ్గరా లేదు, ఆయన దగ్గరా లేదు. తర్వాత దిగినవాళ్ళు ఎంత వాడారో ఎవరికీ తెలీదు. ఆ డబ్బు మా అడ్వాన్సులోంచే పోయింది. ఆయన అబద్ధం చెప్పారని ఇప్పటికీ అనలేను, చెప్పలేదనీ అనలేను. ఆ సందేహం అలా ఉండిపోవడమే నాకు ఎక్కువ బాధ.

అంకుల్ రాగానే తెల్లకాగితాలు, కార్బన్ పేపరు తీశాను. "మన మధ్య కాగితాలెందుకమ్మా" అన్నారు. "మన మధ్య కాబట్టే అంకుల్, రేపు అడగాల్సిన అవసరం మీకూ రాకూడదు, నాకూ రాకూడదు" అన్నాను. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కార్బన్ పేపరు చూసి నవ్వి, జేబులోంచి కళ్ళజోడు తీశారు.

ముందు కరెంటు మీటరు. కింద స్టిల్ట్ పార్కింగులో ప్యానెల్ బోర్డులో వరసగా ఇరవై మీటర్లు. మాది అని చెప్పేది పెయింటుతో రాసిన '304' ఒక్కటే, అది కూడా సగం చెరిగిపోయింది. ఆ రాతను నమ్మి రీడింగ్ రాయొద్దు. పోయిన నెల బిల్లు తీసుకుని దాని మీదున్న మీటరు నంబరు, మీటరు మీద చెక్కి ఉన్న నంబరు ఒక్కో అంకె చదివి పోల్చుకున్నాం. కలిసింది. అయినా అంకుల్‌కి పక్క మీటరు మీద అనుమానం పోలేదు. దానికో తేలిక పద్ధతి ఉంది. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది కదా, దాని పక్కనే 3200 imp/kWh అని ఉంది. అంటే అది 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ తిరిగినట్టు. పైన ఇంట్లో ఉన్న మా ఆయనకి ఫోన్ చేసి గీజరు వేయమన్నాను. లైటు సెకనుకి దాదాపు రెండుసార్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు మెయిన్ ఆపేయమన్నాను. మినుకు టక్కున ఆగిపోయింది. పక్క మీటరు మాత్రం తన పాటికి తను మెరుస్తూనే ఉంది. అంకుల్ అర నిమిషం అలాగే చూసి, "సరే, ఇదే మనది" అన్నారు.

ఇక అంకె. ఈ డిజిటల్ మీటర్లలో తెర ఒకచోట నిలవదు. తేదీ, సమయం, ఓల్టేజి, kWh, kVAh, kW MD అని ఒకటి తర్వాత ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఇంటి బిల్లు వేసేది kWh మీద. దాని పక్కనే వచ్చే kVAh కూడా చూడటానికి అలాంటి అంకెలాగే ఉంటుంది, కాస్త ఎక్కువ ఉంటుంది. తొందరలో అదే ఫొటో తీసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. మేం రెండు చుట్లు ఓపిగ్గా నిలబడి, kWh అనే అక్షరాలు, అంకె, కింద మీటరు నంబరు మూడూ ఒకే ఫొటోలో పడేలా తీశాం. 18,571. అంకుల్ ఫోన్లో ఒకటి, నా ఫోన్లో ఒకటి.

మీటరు చూసే కుర్రాడు ఈ నెల 6న వచ్చినప్పుడు 18,412 ఉంది. అంటే 18 రోజుల్లో 159 యూనిట్లు. నిజంగా చిక్కు పడేది ఇక్కడే. తెలంగాణలో నెలకి 100 దాటి 200 లోపు వాడితే మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే ఆ మొదటి 200 కూడా 5.10 అయిపోతాయి, పైన వాడినవి 7.70 నుంచి మొదలవుతాయి. మా 159 మాత్రమే లెక్కేస్తే 623 రూపాయల 20 పైసలు. నేను ఇదే రాసుకుని వచ్చాను. అంకుల్ కాలిక్యులేటర్ తీసి, "అమ్మా, 18 రోజులకి 159 అంటే నెలకి 265 అవుతుంది. నువ్వు నెలంతా ఉండి ఉంటే తక్కువ రేటు నీకు వచ్చేది కాదు కదా" అన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. 1వ తారీకున కొత్తవాళ్ళు దిగాక వచ్చే బిల్లు 200 దాటడం ఖాయం, అప్పుడు మా యూనిట్ల మీద కూడా 5.10 పడుతుంది, ఆ భారం వాళ్ళ మీదో ఆయన మీదో పడుతుంది.

బిల్లు వచ్చేదాకా ఆగి, మొత్తాన్ని యూనిట్ల వాటాగా పంచుకోవడం ఇంకా ఖచ్చితం. కానీ దానికి అడ్వాన్సులో కొంత ఆపుకోవాలి, డిసెంబరులో మళ్ళీ ఫోన్లు చేసుకోవాలి. ఈరోజే తెంచేసుకుందామని ఇద్దరం అనుకున్నాం. 159 యూనిట్లకి 5.10 చొప్పున 810.90, డ్యూటీ యూనిట్‌కి 6 పైసలు, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీలో 18 రోజుల వాటా కలిపి 900 అని తేల్చాం. ఆ లెక్క ఎలా వచ్చిందో కూడా కాగితం మీద ఒక లైను రాశాం, ఎందుకంటే ఆరు నెలలకి 900 అనే అంకె మాత్రమే చూస్తే ఇద్దరికీ గుర్తుండదు.

నీళ్ళ మీటర్ల దగ్గర నేను అనుకోనిది బయటపడింది. మా ఫ్లాటుకి రెండు షాఫ్టుల్లో రెండు మీటర్లు, ఒకటి వంటిల్లు, ఇంకోటి బాత్రూములు. నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే ఒక్కోటి వెయ్యి లీటర్లు. ఎర్ర అంకెలు అందులో భాగాలు. వంటింటిది నల్లంకెల్లో 216, ఎర్రంకెల్లో 386. బాత్రూములది 357, 942. వాచ్‌మన్ అన్న 1వ తారీకు పుస్తకంలో 212, 347 అని నల్లవి మాత్రమే రాసుకున్నాడు. కాబట్టి ఈరోజు కూడా నల్లవే లెక్కలోకి తీసుకున్నాం, 4 ప్లస్ 10, పద్నాలుగు. మొదట ఎర్రవి వదిలేసి చివర ఎర్రవి కలుపుకుంటే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

పది అనేసరికి నాకు మనసు ఒప్పుకోలేదు. నెల మొత్తానికి బాత్రూముల మీటరు ఏడెనిమిది దాటదు. ఇవాళ్టికి ఇంకా 24వ తారీకే. ఇంట్లో ఒక్క కుళాయి కూడా తెరిచి లేదు, సామానే లేదు. టార్చి వేసి చూస్తే మీటరు మధ్యలో ఉండే చిన్న నక్షత్రం చక్రం నెమ్మదిగా తిరుగుతోంది. అది తిరుగుతోందంటే నీళ్ళు ఎక్కడో పోతున్నట్టే. పది నిమిషాలు ఆగి చూశాం, నాలుగు లీటర్లు కదిలింది. ఫ్లష్ ట్యాంకులు రెండూ ఒకసారి నింపి, మూతలు తీసి, బట్టలకి పెట్టే నీలం చుక్కలు నాలుగేసి వేశాం. వాచ్‌మన్ అన్న దగ్గర సీసా ఉంది కాబట్టి సరిపోయింది. ఫ్లష్ నొక్కకుండానే పిల్లల బాత్రూం కమోడ్‌లోకి నీలం నీళ్ళు సన్నగా దిగుతున్నాయి. లోపలి వాషరు అరిగిపోయింది.

గంటకి 24 లీటర్లు, రోజుకి 576. ఇల్లు డిసెంబర్ 1 దాకా ఖాళీగా ఉంటుంది. ఎవరూ చూడకపోతే ఆ వారంలోనే నాలుగు కిలోలీటర్లు పోయి ఉండేవి. అప్పుడు ఆ నీళ్ళు మేం వాడామని ఆయన, మేం కాదని నేను. ఆ ట్యాంకుకి వెళ్ళే పైపు యాంగిల్ కాక్ కట్టేశాం, నక్షత్రం ఆగింది. ఇన్ని రోజులు కారింది నేను ఉన్న కాలంలోనే కాబట్టి ఆ పద్నాలుగు కిలోలీటర్ల డబ్బు, అసోసియేషన్ రేటు ప్రకారం 840, నేనే ఇస్తానన్నాను. వాషరు మార్పించే ఖర్చు తనదని అంకుల్ అన్నారు.

తాళాలు చివర్న. దిగేటప్పుడు మెయిన్ డోరుకి మూడు ఇచ్చారు. పనిమనిషి కోసం మేం ఒకటి చేయించుకున్నాం. నిన్న ఆమె దగ్గర తిరిగి తీసుకున్నాను. ఆ నాలుగోది ఉందని ఆయనకి తెలీదు. అది కూడా చేతిలో పెట్టి, 'డూప్లికేటు ఒకటితో కలిపి నాలుగు' అని రాశాను. బెడ్రూములవి నాలుగు, పోస్టు బాక్సుది ఒకటి, పార్కింగ్ గేటు రిమోటు ఒకటి. లాఫ్ట్ బీరువాది ఒకటి ఎప్పుడో విరిగింది, అదీ రాశాను. దాన్ని పట్టించుకోనక్కర్లేదని అంకుల్ అన్నారు. అయినా 'విరిగింది, ఓనరు ఒప్పుకున్నారు' అని ఉంచేశాను.

కాగితం ఇలా వచ్చింది:

"ఫ్లాట్ 304. 24-11-2024 సాయంత్రం 4:50. కరెంటు kWh 18,571, మీటరు నంబరు పోయిన నెల బిల్లు ప్రకారం సరిచూశాం. నీళ్ళు: వంటిల్లు 216.386, బాత్రూములు 357.942. పిల్లల బాత్రూం ఫ్లష్ ట్యాంకు కారుతోంది, కాక్ కట్టేశాం. ఈ సమయం తర్వాత వాడకం ఓనరుది. తాళాలు పది (మెయిన్ డోరు 4, బెడ్రూములు 4, పోస్టు బాక్సు 1, లాఫ్ట్ బీరువా 1, విరిగినది), రిమోటు ఒకటి ముట్టాయి. అద్దెదారు చెల్లించాల్సింది కరెంటు 900, నీళ్ళు 840, మొత్తం 1,740, అడ్వాన్సులో తగ్గింపు."

కింద ఇద్దరం సంతకాలు, పక్కనే పేర్లు. సాక్షిగా వాచ్‌మన్ అన్న సంతకం పెడతానన్నాడు, పెట్టాడు. కార్బన్ కాపీలో అంకెలు మసకగా పడ్డాయి, అందుకని దాని మీద అంకెలన్నీ మళ్ళీ పెన్నుతో దిద్ది, ఇద్దరం మళ్ళీ సంతకాలు చేశాం. అసలుది ఆయన తీసుకున్నారు. దాన్ని నేను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, "అంకుల్, తాళాలు, రీడింగులు ఈ కాగితం ప్రకారం సరిపోయాయా?" అని అక్కడే అడిగాను. ఆయన ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తుంటే మేం గుమ్మం దగ్గర నిలబడి చూశాం.

"సరిపోయాయి అమ్మా. తాళాలు ముట్టాయి. 4:58."

మిగిలిన అడ్వాన్సు ఆయన అక్కడే నా ఖాతాకి వేశారు. ఆంటీ నాకు బొట్టు పెట్టి, పిల్లకి రెండు అరటిపళ్ళు ఇచ్చారు. మా ఆయన లోపలికి వెళ్ళి గీజరు స్విచ్చి ఇంకోసారి చూసి, మెయిన్ ఆపి వచ్చారు. అంకుల్ తలుపు లాగి, మేం ఇచ్చిన నాలుగు తాళంచెవుల్నీ ఒకటొకటిగా పెట్టి తిప్పి చూసుకున్నారు. నాలుగూ తిరిగాయి.