రక్తం రాని చిగుళ్లు

కట్టుడు పన్ను బిగించడానికి దించిన ఇంప్లాంట్ మరను నా దవడలోంచి తీయడానికి డాక్టర్ గారికి అర నిమిషం కూడా పట్టలేదు. దానికి ఒక చిన్న పిడి తగిలించి వేళ్లతో రెండుసార్లు తిప్పారు, అంతే, వచ్చేసింది. ఆరు వారాల క్రితం ఇదే మరను ఎముకలోకి దించుతున్నప్పుడు చివరి చుట్టుకు దవడంతా బిగిసినట్టు అనిపించింది. గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. బూడిదరంగు టైటానియం, దాని గాడుల చుట్టూ గులాబీరంగులో జారుడుగా ఒక పొర.

"ఇక్కడ ఎముక పట్టుకుని ఉండాలి. దాని బదులు మెత్తటి కండ పెరిగింది" అన్నారావిడ.

నాకప్పుడు నలభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లకు పైగా రోజుకు పది, పన్నెండు సిగరెట్లు కాల్చేవాడిని. కుడివైపు పైదవడ పన్ను ఒకటి వేరు దాకా చీలిపోవడంతో తీసేశారు. ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టించుకోవాలని వెళ్లాను. మొదటిసారి పరీక్షకు కూర్చున్నప్పుడు నా చిగుళ్ల గురించి కాస్త గర్వంగానే చెప్పుకున్నాను: బ్రష్ చేస్తే ఎప్పుడూ చుక్క రక్తం రాదని. ఆవిడ ఏమీ అనకుండా గీతలున్న సన్నటి కొలపుల్లను పంటికీ చిగురుకూ మధ్య దించుతూ అంకెలు చెబుతుంటే నర్సు రాసుకుంటోంది. మూడు, మూడు, ఐదు, ఆరు. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదట. ఐదు, ఆరు అంటే చిగురు పంటిని వదిలేసిందని, లోపల ఎముక తగ్గుతోందని అర్థం.

మరి రక్తం ఎందుకు రావడం లేదు? నికోటిన్ చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలను బిగిస్తుందట. చిగురు వాచి ఎర్రబడి రక్తం కారితే మనిషి భయపడి డాక్టర్ దగ్గరకు పరుగెత్తుతాడు. పొగ తాగేవాళ్లలో జబ్బు ముదురుతున్నా ఆ హెచ్చరిక సరిగా వినిపించదు. నేను ఆరోగ్యమనుకుని మురిసిపోయింది దాన్నే.

ఇంప్లాంట్‌కు ఒక వారం ముందు నుంచీ, ఆ తర్వాత రెండు నెలలూ సిగరెట్ ముట్టవద్దన్నారు. తల ఊపాను. ముందు రోజు మానేశాను. తర్వాత మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఒకటి వెలిగించాను, అదీ ఎంతో తెలివిగా, పొగ కుట్ల మీదికి పోకుండా పెదవి ఎడమ మూలలో పెట్టుకుని! వారం తిరిగేసరికి రోజుకు ఐదారు అయ్యాయి. నొప్పి లేదు, వాపు లేదు, కుట్లు చక్కగానే విప్పారు. డాక్టర్లు అందరికీ ఒకే పాఠం చెబుతారులే అనుకున్నాను.

ఐదో వారంలో నాలుక కొసకు తేడా తెలిసింది. చిగురు పైకి కనిపించే, మర మీది చిన్న మూతను నాలుకతో నెడితే వెంట్రుకవాసి కదిలినట్టుంది. నొప్పి అనలేను, నొక్కినప్పుడు లోపలెక్కడో ఒక మొద్దు సలుపు. వారం రోజులు నా భ్రమేనని సరిపెట్టుకున్నాక వెళ్లాను. ఆవిడ అద్దం పిడితో మూత మీద తట్టారు. 'టక్' మని చెక్క మీద కొట్టినట్టు వినిపించింది. ఎక్స్‌రేలో మర చుట్టూ పెన్సిల్‌తో గీసినంత సన్నటి నల్లని గీత. ఎముక ఆనుకుని ఉంటే ఆ గీత ఉండదు.

సిగరెట్ ఎడమ మూలలో పెట్టుకున్న సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "పొగ వేడి కుట్లకు తగలకపోతే కొంత మేలే. కానీ మీ ఊపిరితిత్తుల్లోకి పోయింది రక్తం ద్వారా ఈ మర దగ్గరకే వస్తుంది కదా" అన్నారు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటి రోజు ఇంప్లాంట్ బిగుతుగా ఉండడానికి కారణం చెక్కలో దిగిన మేకు పట్టు లాంటిదే, జీవం ఉన్న అతుకు కాదు. మరకు ఆనుకుని నలిగిన పాత ఎముకను శరీరం మెల్లగా కరిగించి, దాని చోట కొత్త ఎముకను పోస్తుంది. పాతది కరుగుతూ కొత్తది ఇంకా గట్టిపడని రోజులు, సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, పట్టు అన్నింటికన్నా తక్కువగా ఉండే కాలం. కొత్త ఎముక పోసే కణాలకు ఆక్సిజన్ కావలసింది అప్పుడే. నికోటిన్ దారి ఇరుకు చేస్తే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. పైగా పైదవడ వెనుక భాగంలో ఎముక అసలే గుల్లగా ఉంటుంది.

నా ఇంప్లాంట్ పోవడానికి సిగరెట్టే కారణమని ఆవిడ తేల్చి చెప్పలేదు. పొగ తాగని వాళ్లలోనూ నూటికి కొన్ని విఫలమవుతాయి, తాగేవాళ్లలో అది దాదాపు రెట్టింపు. అంటే తాగేవాళ్లలోనూ ఎక్కువమందికి నిలబడుతుంది. ఈ లెక్క విని కొంతమంది ధైర్యం తెచ్చుకుంటారేమో. ఖాళీ గుంతతో కూర్చున్న నాకు అలా అనిపించలేదు.

గుంతను గీకి శుభ్రం చేసి మూడు నెలలు ఆగమన్నారు. ఈసారి వేరే డాక్టర్ దగ్గర మాత్రలు రాయించుకుని సిగరెట్ పూర్తిగా మానాను. ఆ అవస్థ వేరే కథ. రెండు మూడు వారాలయ్యాక ఒక ఉదయం బ్రష్ చేసి ఉమ్మితే సింక్‌లో ఎర్రటి చార. మర్నాడూ అంతే. ఇరవై ఏళ్లలో చూడని రక్తం, అదీ మానేశాక! హడలిపోయి వెళ్లాను.

"నాళాలు తెరుచుకుంటున్నాయి. ఉన్న జబ్బే ఇప్పుడు కనబడుతోంది" అని ఆవిడ చిగుళ్ల అడుగున పేరుకున్న గారను రెండు విడతల్లో తీశారు. నెలన్నర తర్వాత కొలిస్తే ఆరు ఉన్నచోట నాలుగు వచ్చింది.

రెండో ఇంప్లాంట్ మొదటిదానికన్నా కాస్త లావుది. ఈసారి ఐదు నెలలు ఆగారు. ఆ ఐదు నెలలూ నా నాలుక ఆ మూత చుట్టూ కాపలా కుక్కలా తిరుగుతూనే ఉంది. చివరికి పన్ను బిగించే రోజున ఆవిడ మళ్లీ అద్దం పిడితో తట్టారు. గంట మీద గోరు తగిలినట్టు 'టింగ్' మంది. నమ్మకం కుదరక ఇంకోసారి తట్టమన్నాను. తట్టారు.

అది జరిగి ఏడాదిన్నర అయింది. చిగుళ్ల జబ్బు చరిత్ర ఉన్నవాళ్లకు, నిలబడ్డ ఇంప్లాంట్ చుట్టూ కూడా ఏళ్ల తర్వాత ఎముక కరిగే ప్రమాదం ఉందట. అందుకే నాలుగు నెలలకోసారి వెళ్లి చూపించుకుంటున్నాను. పోయిన నెల కొలపుల్ల దించినప్పుడు ఆ పంటి వెనుక ఒకచోట కొద్దిగా రక్తం వచ్చింది. లోతు మాత్రం మూడే. అక్కడ బ్రష్ అందడం లేదని, పళ్ల సందుల్లో దూరే సన్న బ్రష్ ఒకటి చేతిలో పెట్టి అద్దం ముందు నిలబెట్టి వాడే తీరు చూపించారు. వెనుక నుంచి దూర్చడం ఇంకా సరిగా చేతకావడం లేదు.