288 బై 288 సున్నా ఎలా అవుతుంది? ఘాతాంకాలతో నా అనుభవం

ఘాతాంక న్యాయాలన్నీ నోటికి వచ్చినా నేను బోల్తా పడ్డ లెక్క ఇది:

(2³ × 6² × 5⁰) ÷ (3² × 2⁵)

చూడగానే 5⁰ దగ్గర పెన్ను ఆగింది. సున్నా సార్లు అంటే ఏమీ లేనట్టే కదా అనుకుని సున్నా వేశాను. లవంలో ఒక్క సున్నా పడితే లవమంతా సున్నాయే, కాబట్టి జవాబూ సున్నా. రెండు సెకన్లలో లెక్క అయిపోయింది, తప్పుగా.

అది తప్పని న్యాయాల వల్ల తెలియలేదు, మామూలుగా గుణించి చూస్తే తెలిసింది. 5⁰ని పక్కన పెడితే పైన 8 × 36 = 288. కింద 9 × 32, అదీ 288. సమానమైన రెండు సంఖ్యలను భాగిస్తే ఒకటి రావాలి. అంటే 5⁰ విలువ మీదే మొత్తం జవాబు వేలాడుతోంది. సున్నా అయితే సున్నా, ఒకటి అయితే ఒకటి. ఏది నిజమో తేల్చుకోవడానికి న్యాయాలను మళ్లీ మొదటి నుంచి తీశాను, ఈసారి ఘాతాలను విప్పి రాసుకుంటూ.

కింద ఉండేది భూమి, నెత్తిన ఉండే చిన్న అంకె ఘాతాంకం. 2³ అంటే 2 × 2 × 2. దాన్ని 2⁴తో గుణిస్తే మూడు రెళ్లు, వాటి పక్కన మరో నాలుగు, మొత్తం ఏడు రెళ్లు, కాబట్టి 2⁷. ఘాతాంకాలను కూడడం అంటే ఆ రెళ్లను లెక్కపెట్టడమే. ఇలా విప్పి రాసుకున్నాక రెండు తప్పులు వాటంతటవే పోయాయి. 2³ + 2⁴ చూసి 2⁷ అనేవాణ్ని. అక్కడ రెళ్లు ఒకే వరుసలో లేవు, మధ్యలో కూడిక ఉంది. 8 + 16 = 24, మరి 2⁷ ఏమో 128. అలాగే (2³)⁴ అంటే మూడేసి రెళ్ల గుంపులు నాలుగు, పన్నెండు రెళ్లు. అది 2¹², 2⁷ కాదు.

భాగహారం దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. 5⁶ ÷ 5² అంటే పైన ఆరు ఐదులు, కింద రెండు. రెండింటికి రెండు కొట్టేస్తే నాలుగు మిగిలాయి: 5⁶⁻² = 5⁴. ఇప్పుడు 5³ ÷ 5³ తీసుకుందాం. న్యాయం ప్రకారం 5³⁻³ = 5⁰. మామూలు భాగహారం ప్రకారం 125 ÷ 125 = 1. ఒకే లెక్కకు రెండు జవాబులు ఉండవు కాబట్టి 5⁰ ఒకటే.

మూడు ఐదులు పైన, మూడు కింద కొట్టేశాక అక్కడేమీ మిగల్లేదు కదా, మరి ఒకటి ఎక్కణ్నుంచి వచ్చింది? నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న ఇదే. కొట్టేయడం అనే మాటలోనే మోసం ఉంది. మనం ఐదును మాయం చేయడం లేదు, ఐదును ఐదుతో భాగిస్తున్నాం. ఆ చోట మిగిలేది ఒకటి. గుణకారంలో ఒకటి ఉన్నా లేకపోయినా తేడా రాదు కాబట్టి దాన్ని రాయడం మానేస్తాం. పక్కన వేరే సంఖ్యలు ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, అన్నీ పోయినప్పుడు మాత్రం ఆ ఒకటి రాసి తీరాలి.

దీన్నే ఇంకో వైపు నుంచి చూస్తే నాకు మరీ తేలికగా అర్థమైంది. 3 × 5 అంటే సున్నాతో మొదలుపెట్టి మూడుసార్లు ఐదు కూడడం. ఒక్కసారి కూడా కూడకపోతే మొదట ఉన్న సున్నాయే ఉంటుంది. 5³ అంటే ఒకటితో మొదలుపెట్టి మూడుసార్లు ఐదుతో గుణించడం. ఒక్కసారి కూడా గుణించకపోతే మొదట ఉన్న ఒకటే ఉంటుంది. దినపత్రిక కాగితం ఒకటి తీసుకుని మడవండి. ఒక మడతకు 2 పొరలు, రెండు మడతలకు 4, మూడింటికి 8. మడవకముందు? చేతిలో కాగితం ఉంది కదా, ఒక పొర. 2⁰ అదే.

ఘాతాలను పై నుంచి కిందికి రాసినా ఇదే తేలుతుంది: 3⁴ = 81, 3³ = 27, 3² = 9, 3¹ = 3. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా మూడుతో భాగిస్తున్నాం. తర్వాతి మెట్టు 3 ÷ 3 = 1, ఆ తర్వాతిది 1/3. రుణ ఘాతాంకాలకు విడిగా ఏమీ కంఠస్థం చేయక్కర్లేదు, మెట్లు దిగుతూ పోతే వస్తాయి. జర్మనీ గణితజ్ఞుడు మైకేల్ స్టీఫెల్ 1544లో అచ్చువేసిన పట్టికలో 2 భూమిగా ఉన్న ఘాతాలను ఇలాగే వరుసగా పేర్చాడు. అందులో సున్నా ఘాతాంకం కింద ఉన్నది 1.

సున్నా ఘాతాన్ని మనం రోజూ వాడుతున్నామని నాకు తట్టింది మాత్రం 4,372ను విడదీసినప్పుడు: 4 × 10³ + 3 × 10² + 7 × 10¹ + 2 × 10⁰. వేలు, వందలు, పదులు, ఆఖరున ఒకట్లు. 10⁰ సున్నా అయితే ఒకట్ల స్థానంలోని 2 ఎగిరిపోయి 4,370 మిగులుతుంది.

ఇక మొదటి లెక్క. 6ను 2 × 3గా విడగొడితే 6² = 2² × 3². పైన 2³ × 2² × 3² × 5⁰, అంటే 2⁵ × 3² × 5⁰. కింద 3² × 2⁵. భాగిస్తే 2⁰ × 3⁰ × 5⁰ = 1. ఇక్కడ భూములను ముందు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం తప్పనిసరి. 6², 2³ భూములు వేరు కాబట్టి వాటి ఘాతాంకాలను నేరుగా కూడి 12⁵ అని రాస్తే లెక్క అక్కడే పోతుంది.

సున్నా కాని సంఖ్యకు సున్నా ఘాతం విలువ ఒకటి అని న్యాయం. అందులోని “సున్నా కాని సంఖ్యకు” అనే షరతును చాలాకాలం చదవకుండా దాటేశాను. 0³ ÷ 0³ అంటే సున్నాను సున్నాతో భాగించడం, అది కుదరదు. గుణకారం వైపు నుంచి వెళ్లినా తేలదు. 5³ × 5⁰ = 5³ కావాలంటే 5⁰ స్థానంలో ఒకటి తప్ప మరేదీ పట్టదు. 0³ × 0⁰ = 0³లో మాత్రం 0⁰ స్థానంలో 7 పెట్టినా, 100 పెట్టినా రెండు వైపులా సున్నాయే. ఏ సంఖ్యనూ న్యాయం పట్టుకోలేకపోతోంది, అందుకే బడి లెక్కల్లో దానికి విలువ ఇవ్వరు.

షరతు తర్వాత ఎక్కువ మార్కులు పోయేది గుర్తుల దగ్గర. ఘాతాంకం తనకు ఆనుకుని ఉన్నదానికే చెందుతుంది. 3x⁰లో సున్నా ఘాతం xకు మాత్రమే, విలువ 3. (3x)⁰ అయితే 1. రెండింట్లోనూ x సున్నా కాకూడదు. (−5)⁰ = 1 కానీ −5⁰ = −1, ఎందుకంటే అక్కడ ముందు 5⁰ కట్టి తర్వాత మైనస్ తగిలిస్తాం. దీన్ని కంప్యూటర్లో సరిచూసుకునేవాళ్లు జాగ్రత్త. పైథాన్‌లో `-5**0` కొడితే −1 వస్తుంది. ఎక్సెల్‌లో `=-5^0` కొడితే 1 వస్తుంది, అది మైనస్‌ను ముందే ఐదుకు అంటిస్తుంది. బ్రాకెట్ పెట్టి `=-(5^0)` అని కొడితే ఎక్సెల్ కూడా −1 అంటుంది.