మధ్య గడిలో ఏ అక్షరం?

ఈ ఆదివారం గళ్లనుడికట్టులో ‘మ_క’ దగ్గర చాలాసేపు ఆగాను. ఆధారం: నాగలి. ఒక్కో హల్లూ పెట్టి పైకి చదివాను. ‘మగక’, ‘మతక’ నోటికే అడ్డం తగిలాయి. ‘మరక’ మంచి మాటే, కానీ దానితో దున్నలేం. ‘డ’ పెట్టగానే మడక! రాయలసీమలో నాగలిని అలాగే అంటారు.

ఒక్కోసారి ఒట్టి హల్లులు చాలవు, గుణింతాలూ తిప్పాలి. ‘క_త’లో ‘ల’ పెడితే కలత. ఆధారం ‘పద్యం లాంటిది’ అయితే ‘వి’ కావాలి, కవిత. ‘వ’ దగ్గరే ఆగితే అది దొరకదు. రెండు మాటలూ ఆధారానికి సరిపోతుంటే మాత్రం నిలువు మాట పూర్తయ్యేదాకా ఆ గడి ఖాళీగా ఉంచుతాను.