పులిహోర రెసిపీని ఏడు స్లైడ్లలో పెట్టిన తీరు: నా అనుభవం

ఇన్‌స్టాగ్రామ్‌లో చింతపండు పులిహోర పెట్టడానికి ఏడు స్లైడ్లు సరిపోయాయి: ముఖచిత్రం, కావలసినవి, తయారీకి నాలుగు, చివర పూర్తయిన వంట. అన్నీ 1080×1350 సైజులోనే చేశాను. మొదటి స్లైడ్ ఆకారం ఎలా ఉంటే మిగతావీ అలాగే కత్తిరించుకుపోతాయి. ఒకటి చదరంగా, ఇంకోటి నిలువుగా ఉంటే అంచున ఉన్న అక్షరాలు తెగిపోతాయి.

కావలసినవి అన్నీ ఒకే వరసలో రాయకుండా, వాడే చోటును బట్టి మూడు గుంపులు చేశాను. అన్నానికి సోనా మసూరి బియ్యం 300 గ్రాములు. పులుసుకి చింతపండు 50 గ్రాములు, చీల్చిన పచ్చిమిర్చి 6, పసుపు అర టీస్పూను, ఉప్పు 2 టీస్పూన్లు, బెల్లం చిన్న ముక్క, నూనె 2 టేబుల్‌స్పూన్లు. పోపుకి ఇంకో 3 టేబుల్‌స్పూన్ల నూనె, పల్లీలు, పప్పులు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. చింతపండు నిమ్మకాయంత అంటే ఒక్కొక్కరికి ఒక్కో సైజు, అందుకే గ్రాములే రాశాను.

తయారీ స్లైడ్లలో ఆ అడుగుకు కావలసిన కొలతలు మళ్లీ వేశాను. చేతికి చింతపండు గుజ్జు అంటుకుని ఉన్నప్పుడు ఫోన్ వెనక్కి జరిపి వెతుక్కోవడం ఎవరికీ కుదరదు. అన్నం స్లైడ్‌లో రెండే మాటలు: మామూలు కంటే కాస్త తక్కువ నీళ్లతో వండాలి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి చెంచాడు నూనె కలపాలి.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పులుసు స్లైడ్. ఇక్కడ 'పది నిమిషాలు' అని రాస్తే మోసపోతారు. గుజ్జు ఎంత పల్చగా తీశారు, మంట ఎంత ఉంది అన్నదాన్ని బట్టి సమయం మారుతుంది. పులుసు చిక్కబడి, గరిటెతో గీస్తే మూకుడు అడుగు కనబడాలి, అంచున నూనె తేలాలి. ఆ క్షణమే ఫోటో తీశాను. తిన్నగా పైనుంచి తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, నూనె మెరుపు తప్ప ఏమీ కనబడదు. అందుకే పక్కనుంచి వంచి, కిటికీ వెలుగులో తీశాను. ఈ గుర్తు రాకముందే దించేస్తే పచ్చి పులుపు మిగులుతుంది, అన్నం తడిసి ముద్దవుతుంది.

పోపు స్లైడ్‌లో వరస ముఖ్యం. పల్లీలు ముందు, సగం వేగాక పప్పులు, తర్వాత ఆవాలు, మిరప, చివర ఇంగువ, కరివేపాకు. అన్నీ ఒకేసారి వేస్తే పల్లీ పచ్చిగా ఉండగానే మినప్పప్పు మాడుతుంది.

అక్షరాల మాటకొస్తే, తెలుగులో పంక్తుల మధ్య ఎడం ఎక్కువే ఇవ్వాలి. లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. స్లైడ్‌కి నాలుగైదు పంక్తులు దాటనివ్వలేదు.

కలపడం అన్నం బాగా ఆరాకే. వేడిమీద కలిపితే మెతుకు విరుగుతుంది. చివరి ఫోటో మాత్రం కలిపిన వెంటనే తీయలేదు. అప్పటికి అక్కడక్కడ తెల్ల మెతుకులు ఉంటాయి. గంట ఊరాక రంగు సమంగా పడుతుంది, ఉప్పు పులుపు తేలేదీ అప్పుడే. అందుకే ఆ స్లైడ్ మీద 'నలుగురికి. గంట ఊరాక ఉప్పు చూసుకోండి' అని రాసి ఊరుకున్నాను.