లోన్ డిఫాల్ట్ ప్రాజెక్టులో ఒక ఆడ్స్ రేషియోని పూర్తిగా చదవడం: నా అనుభవం

ఫైనాన్స్ ప్రాజెక్టుకి లోన్ డిఫాల్ట్ అంశం తీసుకున్న చాలామందిలాగే నేనూ జర్మన్ క్రెడిట్ డేటానే ఎంచుకున్నాను. యూసీఐ రిపాజిటరీలో ఉచితంగా దొరుకుతుంది. అందులో అప్పు తీసుకున్నవాళ్లు 1000 మంది, ఒక్కొక్కరి గురించి 20 వివరాలు, చివరి కాలమ్‌లో 1 ఉంటే సరిగ్గా కట్టారని, 2 ఉంటే కట్టలేదని. కట్టినవాళ్లు 700, కట్టనివాళ్లు 300. డేటా చిన్నదే కానీ లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో అన్నీ ఇందులోనే ఎదురవుతాయి.

మా గైడ్ మేడమ్ మొదటి మీటింగ్‌లోనే ఒక మాట చెప్పారు. "ఇరవై వేరియబుల్స్ ఒకేసారి వేసి అవుట్‌పుట్ తీసుకురావద్దు, ముందు ఒక్కదానితో మోడల్ చేసి, దాని ప్రతి అంకెని చేత్తో లెక్కగట్టి చూపించు" అన్నారు. అప్పుడు ఇదంతా ఎందుకు అనిపించింది కానీ ప్రాజెక్టులో నాకు నిజంగా ఉపయోగపడింది ఆ పనే. నేను తీసుకున్నది కరెంట్ ఖాతా పరిస్థితి చెప్పే కాలమ్. అందులో నాలుగు కోడ్‌లున్నాయి. డేటాతో పాటు వచ్చే వివరణ ప్రకారం A11 అంటే ఖాతా మైనస్‌లో ఉంది, A12 అంటే జర్మనీ పాత కరెన్సీలో 200 మార్కుల లోపు ఉంది, A13 అంటే 200 మార్కులు లేదా అంతకు మించి ఉంది లేదా కనీసం ఏడాదిగా జీతం అందులో పడుతోంది, A14 అంటే అసలు ఖాతానే లేదు.

ముందు మామూలు టేబుల్ వేశాను. A11లో 274 మంది ఉంటే 135 మంది కట్టలేదు. A12లో 269 మందికి 105, A13లో 63 మందికి 14, A14లో 394 మందికి 46. ఇంక మోడల్ అవసరం లేకుండానే ఆడ్స్ లెక్కగట్టొచ్చు. ఆడ్స్ అంటే కట్టనివాళ్లని కట్టినవాళ్లతో భాగించడం, మొత్తంతో కాదు. A11కి 135ని 139తో భాగిస్తే 0.97, A14కి 46ని 348తో భాగిస్తే 0.13. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 7.35 వస్తుంది, అదే ఆడ్స్ రేషియో. తర్వాత R లో ఇలా వేశాను:

```r
d$bad <- as.integer(d$class == 2)
d$status <- relevel(factor(d$status), ref = "A14")
m <- glm(bad ~ status, data = d, family = binomial)
exp(cbind(OR = coef(m), confint.default(m)))
```

A11 వరుసలో సరిగ్గా అదే 7.35 వచ్చింది, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 5 నుంచి 10.8. రెండు చోట్లా ఒకే అంకె చూశాక `exp(coef)` లోపల ఏం జరుగుతోందో అనే సందేహం పూర్తిగా పోయింది.

పై కోడ్‌లో మొదటి రెండు లైన్లు చిన్నవే అయినా అవి లేకపోతే అర్థం తిరగబడుతుంది. `glm` కి ఫ్యాక్టర్ ఇస్తే రెండో లెవెల్‌ని జరిగే సంఘటనగా తీసుకుంటుంది. ఇదే డేటా `caret` ప్యాకేజీలో `GermanCredit` పేరుతో ఉంది, అక్కడ లెవెల్స్ Bad, Good అనే వరుసలో ఉంటాయి కాబట్టి ఏమీ మార్చకుండా వేస్తే మోడల్ చెప్పేది బాగా కట్టే అవకాశం గురించి, ఎగవేత గురించి కాదు. అలాగే `relevel` లేకపోతే పోలిక A11తో జరుగుతుంది, అప్పుడు A14కి 0.136 కనిపిస్తుంది. అది 1ని 7.35తో భాగిస్తే వచ్చే అంకె, రెండూ ఒకే విషయం. కానీ రిపోర్టు చదివేవాళ్లకి 0.136 కంటే 7.35 తొందరగా అర్థమవుతుంది కాబట్టి ఎగవేత తక్కువగా ఉన్న గుంపునే పోలికకి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక ఈ 7.35ని వాక్యంలో ఎలా రాయాలన్నది అసలు సంగతి. "A11 వాళ్లు ఎగ్గొట్టే అవకాశం 7 రెట్లు ఎక్కువ" అని చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో రాస్తారు, అది తప్పు. A11లో కట్టనివాళ్లు 49.3 శాతం, A14లో 11.7 శాతం, అంటే అవకాశం పెరిగింది సుమారు 4.2 రెట్లే. ఎగవేత చాలా అరుదుగా ఉంటే, నూటికి ఒకరిద్దరే అయితే, ఈ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వస్తాయి. ఇక్కడ నూటికి 30 కాబట్టి బాగా దూరమయ్యాయి. అందుకే నేను రిపోర్టులో "ఆడ్స్ 7.35 రెట్లు" అని రాసి పక్కనే రెండు శాతాలూ పెట్టాను. అప్పు వ్యవధి లాంటి అంకెల వేరియబుల్స్‌కి ఇంకో సంగతి ఉంది. ఇరవై వేరియబుల్స్ మోడల్‌లో వ్యవధికి 1.028 వచ్చింది, చూడటానికి దాదాపు ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ అది ఒక్క నెలకి. 12 నెలలకి కావాలంటే 12తో గుణించకూడదు, 1.028కి 12వ ఘాతం కట్టాలి, అప్పుడు సుమారు 1.4 వస్తుంది. ఆ పెద్ద మోడల్‌లోనే A11, A14 మధ్య తేడా 7.35 నుంచి సుమారు 5.5కి తగ్గింది, ఎందుకంటే ఆ తేడాలో కొంత భాగం వ్యవధి, పొదుపు లాంటి మిగతా వేరియబుల్స్ వల్ల వచ్చిందే.

తర్వాత అక్యురసీ. ఈ ఒక్క వేరియబుల్ మోడల్‌నే మామూలు 0.5 కటాఫ్‌తో చూస్తే అక్యురసీ 70 శాతం వచ్చింది. వినడానికి బాగానే ఉంది. కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ తెరిస్తే మాత్రం డిఫాల్ట్ అని చెప్పిన కాలమ్ మొత్తం సున్నా! ఎందుకో టేబుల్‌లోనే ఉంది. అన్నిటికంటే ప్రమాదకరమైన A11 గుంపుకి కూడా అవకాశం 49.3 శాతమే, 50 దాటలేదు, కాబట్టి మోడల్ ఎవరినీ డిఫాల్ట్ అనలేదు. అందరూ కడతారని కళ్లు మూసుకుని చెప్పినా 700 మంది విషయంలో సరిపోతుంది కదా, ఆ 70 అక్కడిదే. ఈ డేటాతో చేసిన ఏ ప్రాజెక్టులోనైనా 75 శాతం అని గొప్పగా రాసి ఉంటే దాన్ని సున్నాతో కాదు, 70తో పోల్చి చదవాలి.

మరి కటాఫ్ ఎక్కడ పెట్టాలి? ఈ డేటా వివరణలోనే ఒక ఖర్చుల పట్టిక ఉంది. ఎగ్గొట్టేవాడిని మంచివాడనుకుని అప్పిస్తే నష్టం 5, మంచివాడికి అప్పు నిరాకరిస్తే నష్టం 1. దాన్నిబట్టి కటాఫ్ తేల్చొచ్చు. ఎగవేత అవకాశం p అయితే, అప్పివ్వడం వల్ల సగటు నష్టం 5p, నిరాకరించడం వల్ల 1−p. మొదటిది ఎక్కువైనప్పుడు నిరాకరించాలి, అంటే p అనేది 1/6 దాటినప్పుడు, సుమారు 0.167. ఈ కటాఫ్ పెడితే A11, A12, A13 ముగ్గురూ డిఫాల్ట్ వైపు వెళ్తారు, A14 ఒక్కటే మిగులుతుంది. కట్టనివాళ్లు 300 మందిలో 254 మంది దొరికారు, 46 మంది తప్పించుకున్నారు, 352 మంది మంచివాళ్లకి అనవసరంగా అప్పు నిరాకరించినట్టయింది. అక్యురసీ 60.2 శాతానికి పడిపోయింది. కానీ నష్టం చూడండి, 46ని 5తో గుణించి 352 కలిపితే 582. అందరికీ అప్పిచ్చిన 70 శాతం అక్యురసీ మోడల్‌కి నష్టం 1500.

మధ్యలో 0.3 కూడా వేసి చూశాను, అక్యురసీ 63.7, నష్టం 603. ఎవరికీ అప్పే ఇవ్వకపోతే నష్టం 700, కాబట్టి 582 అంత గొప్ప ఫలితమేమీ కాదు, ఒక్క వేరియబుల్‌తో అంతకంటే ఆశించలేం. మేడమ్‌కి ఈ లెక్క చూపించినప్పుడు "అక్యురసీ తగ్గిన మోడల్‌ని ఎంచుకున్నానని రాయడానికి భయపడకు, కానీ ఈ నష్టాల లెక్క పక్కనే ఉండాలి" అన్నారు. ఇరవై వేరియబుల్స్ మోడల్‌కి వచ్చేసరికి మాత్రం ఇదే లెక్కని పక్కన దాచిన టెస్ట్ డేటా మీద చేశాను. మోడల్ నేర్చుకున్న వరుసల మీదే పరీక్షిస్తే అంకెలు సాధారణంగా ఉన్నదానికంటే అందంగా వస్తాయి.

ఇంతవరకూ లెక్కలన్నీ సరిపోయాయి కానీ ఒక విషయం మాత్రం మింగుడుపడలేదు. బ్యాంకులో ఖాతానే లేనివాళ్లు అందరికంటే బాగా కట్టడమేంటి? 200 మార్కులు దాటిన ఖాతా ఉన్నవాళ్లకంటే కూడానా? దీనికి కథలు అల్లడం తేలికే, వాళ్లకి వేరే బ్యాంకులో ఖాతా ఉండుంటుంది అని సర్దుకోవచ్చు. కానీ పాత అప్పుల చరిత్ర కాలమ్ చూస్తే అక్కడా ఇదే వింత. పాత అప్పులన్నీ సక్రమంగా తీర్చినవాళ్లు లేదా అసలు అప్పే లేనివాళ్లు అని చెప్పే A30లో 40 మందికి 25 మంది కట్టలేదు, "క్రిటికల్ ఖాతా" అని చెప్పే A34లో 293 మందికి 50 మందే. రెండు కాలమ్‌లు ఇలా తలకిందులుగా ఉంటే అనుమానించాల్సింది మనుషుల ప్రవర్తనని కాదు, కోడ్‌లని.

వెతికితే సమాధానం దొరికింది. ఉల్రికే గ్రోంపింగ్ అనే గణాంక శాస్త్రవేత్త 2019లో ఈ డేటా మూలాల్లోకి వెళ్లి, చాలా కోడ్‌ల అర్థాలు తప్పుగా రాసి ఉన్నాయని తేల్చి, సరిచేసిన డేటాని సౌత్ జర్మన్ క్రెడిట్ పేరుతో అందుబాటులో పెట్టారు. అదీ యూసీఐలో ఉంది. దాని ప్రకారం మొదటి కోడ్ అంటే ఖాతా లేనివాళ్లు, రెండోది మైనస్‌లో ఉన్నవాళ్లు, మూడోది 200 లోపు, నాలుగోది 200 లేదా అంతకు మించి, లేదా ఏడాదిగా జీతం పడుతున్నవాళ్లు. ఇప్పుడు శాతాలని మళ్లీ వరుసగా చదివితే 49.3, 39.0, 22.2, 11.7. ఖాతా పరిస్థితి మెరుగయ్యేకొద్దీ ఎగవేత తగ్గుతోంది, ఏ కథా అక్కర్లేదు. పాత అప్పుల కాలమ్‌లో కూడా మొదటి కోడ్ గతంలో ఆలస్యంగా కట్టినవాళ్లదని, చివరిది ఈ బ్యాంకులో అప్పులన్నీ సక్రమంగా తీర్చినవాళ్లదని తేలింది.

గమనించాల్సింది ఏంటంటే 7.35 మారలేదు, అక్యురసీ, 582 కూడా మారలేదు. కోడ్‌ల పేర్లు తప్పయినా మోడల్ అలాగే పనిచేస్తుంది, కాబట్టి క్లాసిఫికేషన్ పరీక్ష ఏదీ ఈ తప్పుని పట్టుకోలేదు. ఆడ్స్ రేషియోని మామూలు మాటల్లో వాక్యంగా రాసి, ఇది నమ్మేలా ఉందా అని అడిగితేనే బయటపడుతుంది. రిపోర్టులో పాత అర్థం, సరిచేసిన అర్థం రెండూ పక్కపక్కనే ఇచ్చాను.

వైవాలో వచ్చిన ప్రశ్న కూడా దీనికి దగ్గరదే. "ఈ బ్యాంకులో నిజంగా నూటికి ముప్ఫై మంది ఎగ్గొట్టేవారా?" అని అడిగారు. కాదు, ఈ డేటాలో కట్టనివాళ్లని కావాలనే ఎక్కువగా చేర్చారు. అలా చేర్చినా, ఒక్కో వర్గంలోంచి యాదృచ్ఛికంగా తీసి ఉంటే, ఆడ్స్ రేషియోలు దెబ్బతినవు, ఎందుకంటే కట్టనివాళ్ల సంఖ్య అన్ని గుంపుల్లో ఒకే నిష్పత్తిలో పెరిగితే భాగహారంలో అది కొట్టుకుపోతుంది. మారేది ఇంటర్‌సెప్ట్, దాంతో పాటు మోడల్ ఇచ్చే ప్రతి అవకాశమూ. అసలు ఎగవేత రేటు నూటికి 5 అనుకుంటే ఇంటర్‌సెప్ట్‌లోంచి సుమారు 2.1 తీసేయాలి, అప్పుడు A11 వాళ్ల అవకాశం 49.3 నుంచి దాదాపు 10.7 శాతానికి దిగుతుంది. ఆ అంకె 1/6 కంటే తక్కువ కాబట్టి, అదే ఖర్చుల పట్టికతో చూసినా ఈ ఒక్క వేరియబుల్ మోడల్ ఎవరికీ అప్పు నిరాకరించదు.