చీటీ వెనక రెండు జవాబులు

మన బడి పాత విద్యార్థుల సంచికకు రెండు పేజీలు రాసి వారంలోగా పంపమని మన క్లాసు మైక్‌సెట్టు ఫోన్ చేసి హుకుం జారీ చేశాడు. ఇన్నేళ్ళయినా వాడికి ఫోను అవసరమా అన్నంత గొంతు. నీళ్ళ ట్యాంకు వ్యవహారం, వార్షికోత్సవం నాటి కిరీటం కథ ఎవరో ఒకరు రాయకుండా ఉండరు కాబట్టి వాటి జోలికి నేను వెళ్ళను. ఎనిమిది, తొమ్మిది తరగతులు నా బుర్రలోంచి ఎప్పుడో ఖాళీ అయిపోయాయి. మిగిలిందల్లా పదో తరగతి బి సెక్షన్, మధ్యాహ్నం గంటకు ముందు పీరియడు, సోషల్ సార్, ఆయన చీటీలు.

పాఠం అయ్యాక ఒక్కొక్కరం తోటివాళ్ళు చర్చించడానికి ఒక ప్రశ్న రాయాలి. పేరు ఉండకూడదు, మూలన నంబరు మాత్రమే. అందమైన చేతిరాతకు మార్కులు రాలిపోతాయని సార్ వాటన్నిటినీ రేడియో చేత నల్లబల్ల మీద ఎక్కించేవారు. తర్వాత మార్కులు మనమే వెయ్యాలి. ఒక్కో చీటీకి ఇద్దరు, ఒకరు వేసింది మరొకరు చూడకుండా. ఇద్దరికీ తేడా రెండు మార్కులు దాటితే మూడో మనిషి. కొలవడానికి సార్ గోడకు అంటించిన డ్రాయింగ్ షీటు మీద నాలుగు వరుసలుండేవి: ప్రశ్నకు పాఠంతో ఎంత ముడి ఉంది, ఎన్ని జవాబులకు చోటుంది, జవాబు చెప్పేవాడు ఏం పని చెయ్యాలి, ప్రశ్న సూటిగా ఉందా. ప్రతి వరుసకూ సున్నా నుంచి మూడు. ప్రతి అంకె కిందా అది ఎప్పుడు వెయ్యాలో ఒక వాక్యం. ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ లాంటి మాటలు ఒక్కటీ లేవు. అలాంటి మాట రాస్తే ఒక్కొక్కరూ తమకు తోచిన అర్థం తీసుకుంటారని ఆయన వాదన. ఇప్పుడు దీన్ని రూబ్రిక్ అంటున్నారు, దాని మీద శిక్షణ తరగతులు పెడుతున్నారు. మనకు అది ‘గోడ’. ‘గోడ ఏమంటోంది?’ అని సార్ అడగడం మీ అందరి చెవుల్లోనూ ఉండే ఉంటుంది.

ఇక విజయనగరం పాఠం. తళ్ళికోట యుద్ధం ఎప్పుడు జరిగిందని ఎవరో రాశారు. దానికి జవాబుల వరుసలో సున్నా, పని వరుసలో సున్నా, సూటిదనానికి మాత్రం మూడు. అక్కడ పేచీ లేదు. పేచీ రెండో చీటీతో మొదలైంది: ‘యుద్ధం తర్వాత రాజధానిని పెనుకొండకు ఎందుకు మార్చారు?’ మార్కులు వేసిన ఇద్దరూ జవాబుల వరుసలో కళ్ళు మూసుకుని మూడు వేశారు. ‘ఎందుకు’ అని ఉంది కదా, ఆలోచింపజేసే ప్రశ్నేనని వాళ్ళ లెక్క. ఇద్దరికీ ఒక్క మార్కు కూడా తేడా లేదు. సార్ పుస్తకం తెరిపించారు. హంపి నాశనమైంది, ఉండడానికి వీల్లేకపోయింది, అందుకని వెళ్ళారు. జవాబు ఒక్క వాక్యంలో అచ్చయి ఉంది. ఆ వాక్యం చదివాక ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరూ ఒకే అంకె వేశారంటే ఇద్దరూ ఒకే చోట పొరబడి ఉండవచ్చని ఆ రోజు తెలిసింది.

మూడోది క్యాషియర్‌దే అయి ఉంటుంది, వాడి ధోరణి అది: ‘రామరాయలు సుల్తానుల తగవుల్లో తలదూర్చకుండా ఉంటే విజయనగరం నిలిచేదా?’ క్లాసు మొత్తం ‘ఓ’ అంది. నిజానికి అలాంటి ప్రశ్నకు ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు. చిక్కంతా అక్కడే. నిలిచేదని ఒకడు, నిలిచేది కాదని ఇంకొకడు, ఏది సరో తేల్చే వాక్యం పాఠంలో ఎక్కడా లేదు. గోడ మీద మూడు కింద ఉన్న మాట ‘ఎన్నో జవాబులు’ కాదు, ‘కనీసం రెండు జవాబులు, రెండింటికీ పాఠంలో ఆధారం’. ఆధారం లేని జవాబులు ఎన్ని ఉన్నా ఒకటే మార్కు. క్యాషియర్ మూడు రోజులు సార్‌తో మాట్లాడలేదు.

తర్వాత బొండాం చీటీ. ‘విజయనగర సామ్రాజ్యం ఎప్పుడు పతనమైంది, దానికి కారకులెవరు?’ అని ఉంది. మొదటివాడు జవాబుల వరుసలో సున్నా వేశాడు. ‘ఎప్పుడు’ అంటే సంవత్సరమే కదా, 1565 అని రాస్తే అయిపోయింది. రెండోవాడు మూడు వేశాడు. మూడో మనిషిగా నన్ను లేపారు. నేను గోడ వైపు చూస్తుంటే సార్ ‘చీటీ తిరగేయి’ అన్నారు.

గుర్తుంది కదా, ప్రశ్న రాసినవాడు చీటీ వెనక దానికి రెండు వేర్వేరు జవాబులు, వాటి పక్కన పుస్తకంలో పేజీ నంబర్లు రాయాలి. చాలామంది ఒక జవాబునే మాటలు మార్చి రెండుసార్లు రాసేవాళ్ళం. బొండాం మాత్రం నిజంగా రెండు రాశాడు. ఒకటి, 1565లో నగరమే నేలమట్టమైంది కాబట్టి అదే పతనం. రెండు, ఆ తర్వాత కూడా అరవీటి వంశపు రాజులు పెనుకొండ నుంచి, తర్వాత మన చంద్రగిరి నుంచి పాలించారు కాబట్టి అప్పటికి రాజధాని పోయింది గానీ రాజ్యం పోలేదు. రెండూ పుస్తకంలో ఉన్నవే, ఎదురెదురు పేజీల్లో.

నేను మూడు వేశాను. అలా ‘ఎందుకు’ అన్న ప్రశ్న మూసుకుపోయి, ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న తెరుచుకుంది. మొదటి మాట చూసి మార్కు వేస్తే రెండూ తారుమారయ్యేవి. అయితే సూటిదనం వరుసలో బొండాంకు ఒకటే దక్కింది. ఒక చీటీలో రెండు ప్రశ్నలు కుక్కాడు కాబట్టి సగం మంది తేదీ గురించి, సగం మంది రామరాయల గురించి మాట్లాడి ఎవరి దారిన వాళ్ళు పోతారని సార్ రెండో ముక్క కొట్టించేశారు. మిగిలిన నాలుగు మాటల మీద గంట కొట్టినా ఎవరూ లేవలేదు. కిటికీలోంచి కనిపించే రాజమహల్ వైపు చెయ్యి చూపిస్తూ ‘అందులో ఉన్నవాళ్ళు ఎవరు మరి?’ అని రేడియో అరిచిన అరుపుకు హెడ్‌మాస్టరు వచ్చేశారు. అన్నం చల్లారిపోయిందని హాస్టలు పిల్లలు మనల్ని తిట్టుకున్నారు.

ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, బి.ఇడి. అన్నీ గడిచాయి. ఇప్పుడు ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర విభాగం చూస్తున్నాను. గోడను కొద్దిగా సవరించుకున్నాను. నాలుగు వరుసలూ కూడితే వచ్చే మొత్తాన్ని ముందుగా చూడను, ఎందుకంటే పాఠంతో ముడే లేని ప్రశ్న మిగతా మూడు వరుసల్లో నిండుగా తెచ్చుకుని తొమ్మిదితో దర్జాగా నిలబడుతుంది. అందుకని మొదటి వరుసలో సున్నా వస్తే చీటీ రాసినవాళ్ళకే తిరిగి వెళుతుంది, మార్చి రాయాలి. చర్చ అయ్యాక పిల్లలు అదే ప్రశ్నకు మళ్ళీ మార్కు వేస్తారు. పదకొండు వచ్చిన ప్రశ్న రెండు నిమిషాల్లో చప్పబడిపోవడం నేను చూస్తూనే ఉంటాను. చీటీ వెనక రెండు జవాబులున్నా క్లాసంతా మొదటిదానికే తలూపితే ఏ పట్టికా ఏమీ చెయ్యలేదు. అది ప్రశ్నను కొలుస్తుంది గానీ, ఆ పూట ఆ గదిలో ఎవరున్నారో కొలవదు.

పోయిన సంవత్సరం కొత్త అధ్యాపకుల శిక్షణలో ఈ పద్ధతి చెప్పమని నన్ను పిలిచారు. పెద్ద హాలు, శాలువా, ఫోటోలు. ఇంట్లో ఆ శాలువా ఎక్కడ పెట్టాలో మా ఆవిడకు ఇంకా తేలలేదు. పట్టిక పంచి, ముందు అందరి చేతా ఒకే ప్రశ్నకు మార్కులు వేయించాను. బొండాం, నిన్ను అడగకుండా నీ ప్రశ్నే వాడుకున్నాను, రెండో ముక్క కొట్టేసి. జవాబుల వరుసలో ఎక్కువ మంది సున్నా వేశారు.