తాంబూలాలకు ముందు చెప్పవలసిన మాట

ఈరోజు ఆదివారం. నేనూ, మా ఆవిడా ఉదయమే కావలిలో బయలుదేరి ఒంగోలులోని పెళ్లికొడుకు వారింటికి వెళ్లి, చీకటి పడే వేళకు తిరిగి వచ్చాము. మా ఆవిడ అలసిపోయి పడుకుంది. జరిగినదంతా మరచిపోకముందే రాసి పెట్టుకోవాలని ఇలా కూర్చున్నాను.

గురువారం రాత్రి మధ్యవర్తి ఫోన్ చేసి, "పెద్ద విషయమేమీ కాదు మాష్టారూ, ఆడపడుచు లాంఛనం కింద ఐదు లక్షలు, అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఒక ఎకరం రాసిస్తే వాళ్లకు గౌరవంగా ఉంటుంది. తాంబూలాలలోపు మాట అనుకుంటే మంచిది" అన్నారు. కట్నం అనే మాట ఆయన నోటి నుండి ఒక్కసారి కూడా రాలేదు. లాంఛనం, ముచ్చట, మర్యాద అనే మాటలతోనే అంతా చెప్పారు. ఆ మాటలకు నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆలోచించి చెబుతానంటే, అవతలి వారికి అది "కొంచెం గడువు అడిగారు" అని చేరుతుందని, గడువు అడగడమంటే ఒప్పుకోవడమేనని నాకు తెలుసు. అందుకే, నేనే స్వయంగా వారితో మాట్లాడతానని, ఈలోగా నా తరఫున ఏమీ చెప్పవద్దని ఆయనను కోరాను.

మా బావమరిది సలహా వేరు. "మూడు అనండి బావా, నాలుగు దగ్గర తెగుతుంది" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు గాని, నేను మూడు అన్న క్షణాన ఇవ్వాలా వద్దా అనే ప్రశ్న ముగిసిపోయి, ఎంత అనేది మాత్రమే మిగులుతుంది. మా పెద్దక్క పెళ్లిలో మా నాయన అలాగే బేరమాడి తగ్గించారు. ఆ తగ్గిన మొత్తాన్ని అక్క అత్తగారింట్లో ఎన్నో ఏళ్లపాటు మాటల రూపంలో చెల్లించింది. అంకె తగ్గించడం వల్ల గౌరవం దక్కదని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

వారింటికి వెళ్లడానికి ముందు అమ్మాయితో మాట్లాడాను. శుక్రవారం తను ఆ అబ్బాయికి ఫోన్ చేసి అడిగింది. ఇంట్లో ఏదో మాట నడుస్తోందని తనకు తెలుసని, ఎంత అడిగారో మాత్రం తెలియదని అతను అన్నాడట. "మా నాన్న వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండండి, మీ మాట మీరే చెప్పండి" అని మా అమ్మాయి చెప్పింది. నేను అన్నిటికంటే ఎక్కువగా ఎదురు చూసింది ఆ మాట కోసమే. అతను "మా అమ్మ ఇష్టం" అని తల దించుకుంటే, తాంబూలాలు మార్చుకోకుండానే ఈ సంబంధం నుండి తప్పుకోవాలని మేము ముగ్గురమూ నిర్ణయించుకున్నాము.

దారిలో ఉలవపాడు దగ్గర ఆగి ఒక బుట్ట సపోటాలు కొన్నాము. మాట కటువుగా ఉండబోతున్నప్పుడు చేతులు ఖాళీగా ఉండకూడదని మా ఆవిడ అంది. బంధువులను పిలవవద్దని వారిని ముందే కోరాను. పదిమంది ఎదుట నోరు జారిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అబ్బాయి, అతని తల్లిదండ్రులు, మేనత్త మాత్రమే ఉన్నారు. భోజనాలకు లేవమన్నప్పుడు, ముందు ఒక మాట చెప్పుకుని తరువాత తింటామన్నాను. వారి అన్నం తిని ఆపైన కాదనడం నాకు మనస్కరించలేదు.

"బావగారూ, మీ అబ్బాయి మా అమ్మాయికి నచ్చాడు, మీ కుటుంబం మాకు నచ్చింది. అయితే లాంఛనం కింద డబ్బు, పసుపు కుంకుమ కింద పొలం అని మధ్యవర్తి ద్వారా విన్నాము. పెళ్లికి షరతుగా ఏదీ ఇవ్వకూడదనేది మా ఇంటి నిర్ణయం. ఇది మీ మీద కోపంతో అన్న మాట కాదు. ఇంకెవరు అడిగినా ఇదే చెప్పేవాళ్లం" అన్నాను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం పుచ్చుకున్న వారినే కాక ఇచ్చిన వారినీ, అందుకు తోడ్పడిన వారినీ నేరస్థులుగానే చూస్తుందని, అందుకు ఐదేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష ఉందని చెప్పాను. బెదిరింపులా వినిపించకూడదని, ముందు నా పేరే చెప్పి, తరువాతే మిగిలిన వారి మాట ఎత్తాను. వాళ్లను దోషులుగా నిలబెట్టకుండా కాదనడానికి నాకు అంతకంటే మంచి దారి కనిపించలేదు.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత అబ్బాయి తల్లి, "రెండేళ్ల కింద మా అమ్మాయికి ఇంతకంటే ఎక్కువే పెట్టాం అన్నయ్యగారూ. ఆ అప్పు ఇంకా కడుతూనే ఉన్నాం" అని కంటతడి పెట్టుకున్నారు. ఆమె అడిగినది అత్యాశతో కాదని, పోయినదాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలని అని అప్పుడు అర్థమైంది. "మీకు జరిగింది కష్టమే చెల్లెమ్మా. దాన్ని మా అమ్మాయి పెళ్లితో తీర్చుకుంటే, రేపు మా అబ్బాయి పెళ్లికి నేను ఎవరింటికి వెళ్లి అడగాలి?" అన్నాను. అప్పుడే అబ్బాయి లేచి తల్లి పక్కన కూర్చుని, "ఆ అప్పు నా జీతంలో నుండి నేను కడతానమ్మా, వీళ్లను అడగొద్దు" అన్నాడు. గొంతు వణికింది గాని మాటలో తడబాటు లేదు.

పొలం సంగతి వివరించడానికి ఎక్కువ సమయం పట్టింది. అమ్మాయి పేరునే రాస్తున్నప్పుడు అది కట్నం ఎలా అవుతుందని బావగారు అడిగారు. అది న్యాయమైన సందేహమే, చాలామంది పొరబడేదీ అక్కడే. ఎవరి పేరున రాశామన్నదొక్కటే చూస్తే చాలదు, పెళ్లికి షరతుగా అడిగారా లేదా అన్నది చూడాలి. పెళ్లికి ముందైనా, పెళ్లినాడైనా, తరువాతైనా, ఆ పెళ్లి నిమిత్తం ఇవ్వడానికి ఒప్పుకున్న ఆస్తి చట్టం దృష్టిలో కట్నమే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు మన రాష్ట్రంలో 1985 నుండి, దేశమంతటా 2005 నుండి ఉంది. కోవూరు దగ్గర మా పిత్రార్జితమైన రెండెకరాలలో మా అమ్మాయి భాగం ఆమె ఈ పెళ్లి చేసుకున్నా, చేసుకోకపోయినా ఆమెదే. దానిని ముహూర్తానికి ముడిపెట్టి ఇవ్వను, పెళ్లయింది కదా అని ఆపను. ఈ మాట విన్న తరువాత ఆయన మళ్లీ పొలం ప్రస్తావన తేలేదు.

అయితే "మీ అమ్మాయికి మీ ఇష్టప్రకారం పెట్టుకుంటారులే" అని మేనత్త అన్నప్పుడు నేను తల ఊపి ఊరుకోలేదు. అలా వదిలేసిన మాటే పెళ్లి పందిట్లో తిరిగి లేస్తుంది. అందుకే రెండు పట్టికలు రాద్దామన్నాను. అడగకుండా ఇచ్చే కానుకలను చట్టం కాదనదు. వాటిని పెళ్లికూతురికి ఒకటి, పెళ్లికొడుకుకు ఒకటి చొప్పున రాసి పెట్టుకోవాలని 1985 నాటి నియమాలు చెబుతున్నాయి. వస్తువు, దాని సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారి చుట్టరికం రాసి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఆడపడుచుకు మేము ఒక పట్టుచీర పెడతామని, మా అబ్బాయికి వారు బట్టలు పెడితే చాలని, భోజనాల ఖర్చు ఇద్దరమూ చెరిసగం భరిద్దామని అనుకున్నాము. మేనత్తకు ఇది రుచించలేదు. భోజనాల దగ్గర ఆమె మా ఆవిడతో మాట్లాడలేదు. తాంబూలాలకు ఆమెను పిలవడానికి మళ్లీ నేనే వెళ్లాలనుకుంటున్నాను.

మేము ఇల్లు చేరిన కాసేపటికి అబ్బాయి తల్లి మా ఆవిడకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. ముందు చీర రంగు గురించి, తరువాత వంటవాళ్ల గురించి. చివరన, "మా అత్తగారు నాకిచ్చిన నానుతాడు ఒకటుంది వదినా, అది మీ అమ్మాయికే. ఆ పట్టికలో మా వైపు నుండి మొదటగా అదే రాయించండి" అన్నారట.